14 ఫ్రేముల్లో ఒక్కటి: కుటుంబం గ్రూపు ఫోటో ఏరడం

(ఆగస్టు 19, ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం సందర్భంగా స్టూడియోల వాళ్ళకీ ఆసక్తి ఉన్న కుటుంబాలకీ కలిపి జరిగిన సభలో ఒక ఆల్బమ్ డిజైనర్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారమండీ. ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను ఫోటోలు తీసేవాణ్ణి కాదు, ఏరేవాణ్ణి. పొద్దున్న షాపు తీసేసరికి ఎవరో ఒకరు పెన్‌డ్రైవ్ పట్టుకుని నిలబడి ఉంటారు. అందులో వెయ్యో రెండువేలో ఫోటోలుంటాయి. ఆల్బమ్‌లోకి వెళ్ళేవి రెండొందలు, మూడొందలు. మిగతావన్నీ పక్కన పెట్టేది నేనే. అంచేత కెమెరా గురించి, లెన్సు గురించి నన్ను అడక్కండి, ఇక్కడ ముందు వరసలో కూర్చున్నవాళ్ళు నాకంటే బాగా చెబుతారు. ఏరడం గురించి అడగండి, చెబుతాను.

అందులోనూ ఇవాళ ఒక్కటే తీసుకుంటున్నాను. గ్రూపు ఫోటో. ఎందుకంటే మిగతా ఫోటోల్లో తప్పు చేస్తే ఎవరూ కనిపెట్టరు. తలంబ్రాల ఫోటో ఒకటి పోతే ఇంకోటి వేస్తాం. గ్రూపు ఫోటో అలా కాదు కదా? అది గోడకెక్కుతుంది. ఇంటికొచ్చిన ప్రతివాడూ చూస్తాడు. చూసి ఏమంటాడు? "ఇదేమిటి, అల్లుడుగారు నిద్రపోతున్నారు" అంటాడు. అయిపోయింది. ఇక ఆ ఇంట్లో ఆ ఫోటోకి పేరు అదే.

ఒక షష్టిపూర్తి ఫోటో చూపిస్తాను. చూపిస్తానంటే తెరమీద కాదండీ, ఆ కుటుంబాన్ని అడగలేదు కాబట్టి మాటల్లోనే చెబుతాను, మీరు ఊహించుకోండి. పెంకుటిల్లు, ముందు వసారా. మొత్తం 18 మంది. మధ్యలో కుర్చీల్లో ఐదుగురు: దండలతో దంపతులు, ఆయనగారి తల్లి, బాబాయిగారు, పిన్నిగారు. వెనక ఎనిమిది మంది నిలబడ్డారు: ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, కూతురు, అల్లుడు, షష్టిపూర్తి ఆయన తమ్ముడు, తమ్ముడి భార్య. కింద చాప మీద నలుగురు పిల్లలు. చిన్న కోడలి చంకలో ఏడాది నిండని పాప. లెక్క సరిపోయిందా? పద్దెనిమిది. ఫోటోగ్రాఫరు 14 ఫ్రేములు కొట్టాడు.

ఎవరో వెనకనించి నవ్వుతున్నారు, 14 ఎందుకని. చెబుతాను, దీనికో లెక్క ఉంది. ఆస్ట్రేలియాలో సిఎస్ఐఆర్ఓ అని ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది. అక్కడ నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అని ఇద్దరు ఈ లెక్కే కట్టారు. గ్రూపులో ఎవరూ కళ్ళు మూయని ఫోటో ఒక్కటి దొరకాలంటే ఎన్ని కొట్టాలి? దీనికి 2006లో వాళ్ళకి ఇగ్ నోబెల్ ఇచ్చారు. అది నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే బహుమతి. కానీ లెక్క మాత్రం నిఖార్సైనదండీ. కెమెరా ముందు మనిషి నిమిషానికి 10 సార్లు రెప్ప వేస్తాడు, ఒక్కో రెప్పపాటు పావు సెకను అనుకున్నారు. అంటే నిమిషంలో రెండున్నర సెకన్లు కళ్ళు మూసే ఉంటాయి. ఇరవై నాలుగో వంతు. ఒక్క మనిషికి అది ఏపాటి? ఏమీ కాదు. కానీ 18 మందికి కలిపి చూడండి. అందరి కళ్ళూ ఒకేసారి తెరిచి ఉండే అవకాశం నూటికి 46, 47 దగ్గర ఆగిపోతుంది. సగం కూడా లేదు! 40 మందైతే నూటికి 18.

వాళ్ళు చెప్పిన సూత్రం తేలిగ్గా గుర్తుంటుంది. 20 మంది లోపు గ్రూపైతే, వెలుగు బాగుంటే మనుషుల సంఖ్యని మూడుతో భాగించండి, వెలుగు తక్కువైతే రెండుతో. మన 18 మందికి ఆరు, లేదా తొమ్మిది. ఇది కళ్ళకి మాత్రమే సుమండీ. పిల్లాడు లేచి పరిగెత్తడం, బాబాయిగారు కండువా సర్దుకోవడం ఈ లెక్కలో లేవు. అందుకే మనవాడు 14 కొట్టాడు. మంచిపని చేశాడు.

సరే, 14 ఉన్నాయి. ఎక్కడ మొదలుపెడతాం? ఇక్కడే అందరూ పొరపాటు పడతారు. ఫోటో తెరవగానే పెద్దది చేసి మొహాల్లోకి వెళ్ళిపోతారు. మీ ఇంటి ఫోటో అయితే ఇంకా ఘోరం. తల్లికి తన కొడుకే కనిపిస్తాడు, కొత్త కోడలికి తన చీరే కనిపిస్తుంది. ఎవరికి వారు బాగున్న ఫోటోయే "ఇది బాగుంది" అంటారు. నేనేం చేస్తానంటే, మొదటి చూపులో అసలు మొహాలు చూడను. ఫ్రేము చిన్నదిగా, అరచేతిలో పట్టేంత సైజులో పెట్టుకుని అంచులు చూస్తాను. నాలుగు అంచులూ. ఎందుకు? మొహం ఏదో రకంగా బాగుచేయొచ్చు. లేని పాదాన్ని ఎక్కణ్ణించి తెస్తాం?

అలా చూస్తే మన 14లో ఏం జరిగిందో చెబుతాను. మొదటి రెండూ ఇంకా సర్దుకుంటున్నవి. రెండోదాంట్లో తమ్ముడుగారు అసలు లేరు, లోపల చెప్పులు విడవడానికి వెళ్ళారట. తొమ్మిదోది పైపైన చూస్తే బ్రహ్మాండంగా ఉంది. కానీ అప్పుడు ఫోటోగ్రాఫరు కొంచెం జూమ్ చేశాడు. చాప మీద పిల్లలు కాళ్ళు చాపుకుని ఉన్నారు, వేళ్ళ దగ్గర తెగిపోయాయి. మోకాలు దగ్గర, చీలమండ దగ్గర, మణికట్టు దగ్గర, ఇలా కీళ్ళ దగ్గర తెగితే చూసేవాడికి ఏదో నరికినట్టు ఉంటుంది. తొడ మధ్యలో తెగినా పర్వాలేదు, మోకాలి దగ్గర తెగకూడదు. తొమ్మిది పోయింది. పదమూడులో చిన్న పిల్లాడు లేచాడు, కదిలిపోయి మసకగా పడ్డాడు. పద్నాలుగు... పద్నాలుగు సంగతి తర్వాత చెబుతాను, అది వేరే కథ.

అంచులతో పాటు ఇంకో మూడు కూడా ఈ చిన్న సైజులోనే చూసేయాలి. ఎవరి నెత్తిమీదనించైనా స్తంభమో ట్యూబ్‌లైటో మొలిచిందా? గడప గీత, చూరు గీత ఒరిగిందా? చివర నిలబడ్డవాళ్ళు సాగిపోయారా? చోటు చాలక దగ్గర్నించి వైడ్ లెన్సుతో కొడితే చివరి మనిషి భుజం అడ్డంగా సాగిపోతుంది. పాపం సన్నగా ఉన్నావిడ కూడా లావుగా పడుతుంది. ఆ ఫోటో ఆవిడకి చూపించి చూడండి, తెలుస్తుంది.

ఇక ప్రింటు సైజు. ఇది ఎవరూ ఆలోచించరు. కెమెరా ఫ్రేము మూడుకి రెండు. 12 బై 18 ప్రింటు కూడా అంతే కాబట్టి మొత్తం వస్తుంది. కానీ ఇంటివాళ్ళు 8 బై 10 ఫ్రేము ముందే కొని పెట్టుకున్నారనుకోండి. అప్పుడు వెడల్పులో ఆరో వంతు పోతుంది. అంటే అటు పన్నెండో వంతు, ఇటు పన్నెండో వంతు. దానిమీద చెక్క ఫ్రేము అంచు ఇంకొంచెం మింగుతుంది. ఎనిమిది మంది వరసలో చివరి మనిషి ఆ పన్నెండో వంతులోనే ఉంటే? సగం భుజం పోతుంది. అందుకని ఏరేముందే అడగండి: "గోడకి ఏ సైజు అనుకుంటున్నారండీ?" ఈ ఒక్క ప్రశ్న అడక్కుండా నేను ఫైలు తెరవను. మన షష్టిపూర్తి వాళ్ళు 12 బై 18 అన్నారు. బతికిపోయాం.

సరే. ఒకటి, రెండు, తొమ్మిది, పదమూడు పోయాయి. పద్నాలుగు పక్కన పెట్టాం. మూడు నించి ఎనిమిది దాకా ఆరు, పది, పదకొండు, పన్నెండు. తొమ్మిది మిగిలాయి. లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో చేసేవాళ్ళు వద్దనుకున్నదానికి X, కావాలనుకున్నదానికి P నొక్కుతూ పోండి. కానీ ఇప్పుడే డిలీట్ చేయకండి. ఎందుకు వద్దంటున్నానో తర్వాత తెలుస్తుంది.

ఇప్పుడు కళ్ళు. ఇప్పుడు పెద్దది చేయండి, నూరు శాతానికి. మధ్యలో ఉన్న దంపతులతో మొదలుపెట్టండి. వాళ్ళ కళ్ళు మూసుకుని ఉంటే మిగతా 16 మందిని చూడక్కర్లేదు, ఆ ఫ్రేము పోయినట్టే. నాలుగోదాంట్లో ఆయన కళ్ళు మూశారు. పోయింది. తర్వాత వరస పట్టండి. ఎడమ చివర నించి కుడి చివరకి, వెనక వరస, కుర్చీల వరస, చాప. బియ్యంలో రాళ్ళు ఏరినట్టే, చేటలో ఈ మూలనించి ఆ మూలకి రావాలి గానీ మధ్యలో అక్కడక్కడా చూస్తే రాయి పంటికిందకే వస్తుంది. మూడులో పిన్నిగారు, ఎనిమిదిలో చిన్న కొడుకు, పన్నెండులో చాప మీద పెద్ద మనవరాలు. కళ్ళు పూర్తిగా మూసినవి ఇవి. ఇవి తేలికే, ఎవరికైనా కనిపిస్తాయి.

కష్టం ఎక్కడంటే సగం మూసిన కళ్ళు. ఐదులో అల్లుడుగారివి అలాగే ఉన్నాయి. ఏడులో అమ్మగారివి, అంటే షష్టిపూర్తి ఆవిడవి, కూడా అలాగే సన్నగా ఉన్నాయి. రెండూ చూడ్డానికి ఒకటే. మరి ఒకటి పోయింది, ఒకటి ఉంచాను. ఎలాగ?

ఇది బాగా వినండి. రెప్పపాటు పైరెప్పది. పైరెప్ప కిందికి దిగుతుంది, కింది రెప్ప దాదాపు ఉన్నచోటే ఉంటుంది. నల్లగుడ్డు పైభాగం మూసుకుపోయి కింద తెల్లగా కనిపిస్తుంది. అందుకే మత్తులో ఉన్నట్టు ఉంటాడు మనిషి. నవ్వు అలా కాదు. నిజంగా నవ్వినప్పుడు బుగ్గ పైకి లేస్తుంది, కింది రెప్పని పైకి తోస్తుంది, కంటి కొసన ముడతలు పడతాయి. కన్ను కిందనించి సన్నబడుతుంది. ఫ్రాన్సులో డుషెన్ అనే వైద్యుడు 1862లోనే ఇది రాశాడు, మొహం కండరాలకి విద్యుత్తు తగిలించి మరీ చూశాడు. పెదవుల నవ్వు కావాలంటే వస్తుంది, కంటి చుట్టూ ఉండే కండరం మాత్రం మనం చెప్పగానే వినదు అన్నాడు. కాబట్టి సన్నని కన్ను కనిపించగానే కింది రెప్ప చూడండి. అది లేచిందా, నవ్వు. లేవలేదా, రెప్పపాటు. అమ్మగారి కింది రెప్ప లేచింది, కొసన మూడు గీతలు పడ్డాయి. ఆవిడ నవ్వుతోంది! అల్లుడుగారి బుగ్గ అసలు కదల్లేదు. ఆయన రెప్ప వేస్తున్నారు.

మరి పెద్దావిడ సంగతి? షష్టిపూర్తి ఆయన తల్లి, ఎనభై దాటినావిడ. ఆరో ఫ్రేములో ఆవిడ కళ్ళు మూసినట్టే ఉన్నాయి. తీసేద్దామా? ఆగండి. ఆవిడని మిగతా ఎనిమిదిలోనూ చూడండి. అన్నిటిలోనూ అంతే. వయసుకి పైరెప్ప జారింది, ఆవిడ కళ్ళు అంతే తెరుచుకుంటాయి. ఆవిడని ఆవిడతోనే పోల్చాలి, మనవరాలితో కాదు. ఆవిడ కళ్ళు పెద్దవి చేసిపెట్టమని ఒకరు అడిగారు కూడా. నేను చేయనన్నాను. చేస్తే వచ్చేది ఆవిడ కాదు కదా, ఇంకెవరో.

కళ్ళద్దాలవాళ్ళు ఇంకో తలనొప్పి. పదకొండులో బాబాయిగారు తల కొంచెం ఎత్తారు, రెండు అద్దాల్లోనూ ఫ్లాష్ తెల్లగా కొట్టింది. కళ్ళు తెరిచారో మూశారో తెలీదు. ఒక అద్దంలో కొడితే రెండోది చూసి సర్దుకోవచ్చు. రెండింట్లో కొడితే కిందున్న కన్ను అసలు రికార్డే కాలేదు, బాగుచేయడానికి ఏమీ లేదు. పదకొండుని వెనక్కి పెట్టాను, పూర్తిగా తీసేయలేదు.

ఇంకోటి, ఫోటో తీసే తమ్ముళ్ళ కోసం. చిన్న కొడుకు ఎనిమిదిలో కళ్ళు మూశాడన్నాను కదా. తీసేసిన తొమ్మిదిలోనూ, పదమూడులోనూ మూశాడు. అదెందుకో? ఫ్లాష్ ఎంత వెలగాలో కెమెరాయే చూసుకునే టీటీఎల్ మోడ్‌లో ఉంటే అసలు ఫ్లాష్‌కి ముందు చిన్న ఫ్లాష్ ఒకటి వెలుగు కొలవడానికి వెలుగుతుంది. కొందరి కళ్ళు దానికే మూసుకుంటాయి, అసలు ఫ్లాష్ వచ్చేసరికి రెప్ప కింద ఉంటుంది. ఇలాంటివాళ్ళు ప్రతి కుటుంబంలో ఒకరుంటారు. ఫ్లాష్ మాన్యువల్‌లో పెడితే ఆ ముందు ఫ్లాష్ ఉండదు, సగం బాధ తీరుతుంది. ఏరేటప్పుడు మాకు తెలుస్తుందండీ, ఫోటోగ్రాఫరు ఏ మోడ్‌లో పెట్టాడో! అన్నిట్లో ఒకే మనిషి కళ్ళు మూస్తే అది మనిషి తప్పు కాదు.

ఇప్పుడు ఏమేం మిగిలాయి? ఆరు, ఏడు, పది. వెనక్కి పెట్టినది పదకొండు. లెక్క ప్రకారం చూసినా తొమ్మిదిలో నాలుగు, సగానికి కొంచెం తక్కువ. ఆ ఆస్ట్రేలియా వాళ్ళు బాగానే కట్టారు.

ఇక్కడ ఒక సంగతి. ఈ నాలుగింట్లో కళ్ళు అన్నిటికంటే బాగా ఉన్నది పదో ఫ్రేము. 18 జతల కళ్ళూ విప్పారి ఉన్నాయి. ఇక్కడ ఆగిపోయేవాళ్ళు చాలామంది. "దొరికింది, ప్రింటుకి పంపు" అంటారు. నేను దాన్నే ముందు తీసేశాను. ఎందుకో చెబుతాను. పదో ఫ్రేముకి ముందు ఫోటోగ్రాఫరు గట్టిగా అరిచాడట, "ఎవరూ కళ్ళు మూయకండి!" అని. అంతే, అందరూ కళ్ళు పెద్దవి చేసుకుని, ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. కనుబొమలు పైకి లేచాయి, నుదుటి మీద గీతలు పడ్డాయి, పెదవులు బిగిశాయి. చేతులు చూడండి, కుర్చీల్లో ఐదుగురూ మోకాళ్ళ మీద పిడికిళ్ళు పెట్టుకున్నారు. పాస్‌పోర్టు ఫోటోలు 18 పక్కపక్కన అతికించినట్టుంది. మొహం ఒక్కటే చూస్తే ఇది దొరకదు. చేతులు చూడాలి. మనిషి బిగుసుకుంటే చేతులు ముందు చెబుతాయి.

ఆరు బాగానే ఉంది. కానీ అందులో పెద్ద కొడుకు పక్కకి ఒరిగాడు, ఆయన భుజం వెనక తమ్ముడుగారి భార్య మొహం సగం పోయింది. ఒక కన్నే కనిపిస్తోంది. గ్రూపు ఫోటోలో రెండు కళ్ళూ కనిపించని మనిషి దాక్కున్నట్టే ఉంటుంది. అదీగాక ఆ సగం మొహం ఎవరిది? మరదలిది. ఆవిడ ఏమనుకుంటుంది? వాళ్ళ పుట్టింటివాళ్ళు వచ్చి చూసి ఏమంటారు? నవ్వకండి, ఇది కూడా ఏరడంలో భాగమే. ఫోటోలో ఎవరిని పోగొట్టుకోవచ్చో, ఎవరిని పోగొట్టుకోకూడదో డిజైనరుకి తెలియాలి. తెలియకపోతే అడగాలి. అల్లుడు, వియ్యంకులు, ఇంటి ఆడపడుచు, విడిగా ఉంటున్న తమ్ముడి కుటుంబం, వీళ్ళ విషయంలో జాగ్రత్త. కొడుకు కొంచెం అటూ ఇటూ ఉన్నా సర్దుకుంటాడు. చాప మీద పిల్లాడు నాలుక బయటపెట్టినా పర్వాలేదు, పదేళ్ళు పోయాక ఆ ఫోటోలో అందరూ వెతికేది ఆ నాలుకే.

ఏడుకి వద్దాం. ఏడులో ఏముంది? అమ్మగారు నవ్వుతున్నారు, ఇందాక చెప్పాను. ఆవిడ చెయ్యి అత్తగారి చేతి మీద ఉంది, పిడికిలి కాదు, మామూలుగా. ఆయన దండ తిన్నగా ఉంది. దండలు చూడండి ఎప్పుడూ, పక్కకి జరిగి గడ్డం కింద పోగుపడితే మెడ లేనట్టు కనిపిస్తారు. అల్లుడుగారు కళ్ళు తెరిచి ఉన్నారు, హమ్మయ్య. చిన్న కోడలు కెమెరా వైపు చూడ్డం లేదు, చంకలో పాప వైపు చూస్తోంది. ఇది తప్పా? నేను తప్పు అనను. తల్లి బిడ్డని చూస్తే ఎవరూ ప్రశ్నించరు. కానీ అదే వరసలో తమ్ముడుగారు ఎడమవైపు చూస్తున్నారు. ఎవర్ని? పక్కన ఒక మేనల్లుడు ఫోన్‌తో ఫోటో తీస్తున్నాడు, ఆ ఫోన్‌ని! ఇది మాత్రం తప్పే. ఎందుకంటే ఆయన ఏం చూస్తున్నారో ఫోటోలో లేదు. చూపు ఫోటోలో ఉన్నదాని మీద పడితే ఒప్పు, ఫోటో బయటికి పోతే తప్పు. నాకు తెలిసిన కొలత ఇదే.

మొహాలు సరే, ఇంకో పని ఉంది. వెనక వరస చివరి ఇద్దర్నీ నూరు శాతంలో చూడండి, కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా ఉన్నాయా? వసారాలో వెలుగు తక్కువని ఎపర్చర్, అంటే లెన్సులోకి వెలుగు వచ్చే కంత, బాగా తెరిస్తే ముందు వరస స్పష్టంగా, వెనక వరస మెత్తగా పడుతుంది. ఫోన్‌లో చూస్తే తెలీదు, 12 బై 18 వేస్తే తెలుస్తుంది. ఏడులో బాగానే ఉంది.

అంటే ఏడులో ఒక్కటే లోపం, తమ్ముడుగారి చూపు. ఇప్పుడు గుర్తుందా, డిలీట్ చేయకండి అన్నాను? ఎనిమిదో ఫ్రేము చిన్న కొడుకు కళ్ళు మూశాడని పక్కన పెట్టాం. కానీ అందులో తమ్ముడుగారు తిన్నగా, చక్కగా ఉన్నారు. ఏడుకీ ఎనిమిదికీ మధ్య రెండు సెకన్లు. అదే వెలుగు, అదే చోటు, ఆయన పాదాలు కదల్లేదు. ఎనిమిదిలోనించి ఆయన తల తెచ్చి ఏడులో పెట్టాను.

తల అన్నాను. కళ్ళు మాత్రమే తెస్తాం కదా అని కొందరు కళ్ళు రెండూ కత్తిరించి అతికిస్తారు. చూడ్డానికి భయం వేస్తుంది. మొహం ఒకవైపు, చూపు ఒకవైపు. జుట్టు నించి చొక్కా కాలరు దాకా మొత్తం తేవాలి, అతుకు కాలరు గీత దగ్గర దాచాలి. ఆయన వెనక సున్నం గోడ ఉంది కాబట్టి పని తేలిక. అదే ఆయన తలకి ముందు ఎవరి చెయ్యో, పాప కాలో అడ్డం ఉంటే అతకదు. పక్క ఫ్రేము కాకుండా ఏ మూడో ఫ్రేమునించో తెచ్చినా అతకదు, ఈలోపు మేఘం వచ్చిపోయి నీడ మారిపోతుంది. నా పద్ధతి ఏమిటంటే, ఒక ఫ్రేములో ఒకరు, మహా అయితే ఇద్దరు. ముగ్గుర్ని మార్చాల్సి వస్తే ఆ ఫ్రేము ఏరడమే తప్పు, వెనక్కి వెళ్ళి ఇంకోటి చూసుకోవాలి. మార్చిన సంగతి ఇంటివాళ్ళకి చెబుతాను కూడా. తమ్ముడుగారికి చెప్పాం. "ఎనిమిదోదాంట్లో జుట్టు బాగుంది, మంచిదే" అన్నారాయన.

మీలో ఎవరైనా అడగొచ్చు, అల్లుడుగారి కళ్ళు సరిచేసుకుని ఐదునే వాడొచ్చు కదా అని. వాడొచ్చు. కానీ ఐదులో అమ్మగారి నవ్వు లేదు. ఒక మనిషి చూపు మార్చగలం, మధ్యలో కూర్చున్నావిడ నవ్వు పక్కవాళ్ళందరి మొహాల్లోకి పాకి ఉంటుంది, దాన్ని తెచ్చి అతకలేం. ఏడులో ఆవిడ నవ్వుకి వెనకున్న కూతురు కూడా నవ్వుతోంది, పక్కనున్న పెద్దావిడ పెదవి కదిలింది. పళ్ళు లేవని పెద్దావిడ ఎప్పుడూ నోరు బిగించుకునే కూర్చుంటుంది, ఏడులో కొంచెం విప్పింది. అందుకే ఏడు. లోపం లేని ఫ్రేము పది, నేను ఏరింది ఏడు.

పద్నాలుగు చెబుతానన్నాను కదా. ఫోటోగ్రాఫరు "అయిపోయిందండీ, థ్యాంక్యూ" అన్నాక కొట్టిన ఫ్రేము అది. సగం మంది లేచారు, పాప ఎవరి చేతుల్లోకో వెళ్తోంది, ఒకరి వీపు ఇటు ఉంది. గ్రూపు ఫోటోగా పనికిరాదు. కానీ బాబాయిగారు కుర్చీలో వెనక్కి వాలి పడీపడీ నవ్వుతున్నారు, మిగతా 13 ఫ్రేముల్లో ఆయన ఒక్కసారి కూడా నవ్వలేదు! దాన్ని ఆల్బమ్ షీటులో గ్రూపు ఫోటో పక్కన చిన్నగా వేశాను. గోడకి ఏడు, ఆల్బమ్‌లో ఏడూ పద్నాలుగూ. ఫోటోలు తీసేవాళ్ళకి నా విన్నపం, అయిపోయిందన్నాక కెమెరా దించకండి, ఇంకో రెండు కొట్టండి.

టైమైందంటున్నారు. ఒక ప్రశ్న తీసుకుంటాను. అమ్మా, మీరు చెయ్యెత్తారు. ఆఁ, ఫోన్‌లో తీసుకున్నవి ఎలా ఏరుకోవాలి అంటున్నారు. మంచి ప్రశ్నమ్మా. ఫోన్‌కి రెండే చెబుతాను. ఒకటి, ఎవరికైనా ఫోన్ ఇచ్చి తీయమంటే వాళ్ళు ఒక్కటి కొట్టి ఇచ్చేస్తారు. పదిమందికి ఒక్క ఫోటో సరిపోదని ఇందాక లెక్క చూశాం కదా, "ఏడెనిమిది కొట్టండి" అని చెప్పి ఇవ్వండి. రెండు, ఏరడానికి ఫోన్‌లోనే కూర్చోకండి. అంత చిన్న తెర మీద సగం మూసిన కన్ను దొరకదు. టీవీకి కలిపి, ఇంట్లో ఇంకొకర్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు వాళ్ళ మొహం చూడండి, వాళ్ళు మీ మొహం చూస్తారు. ఎవరి మొహం వాళ్ళు చూసుకుంటే తెల్లారినా తేలదు. ఇక వాట్సాప్‌లో వచ్చిన కాపీ పట్టుకుని ప్రింటుకి రావద్దమ్మా, మామూలుగా పంపితే అది ఫోటోని కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపమనండి. ఏరాక మిగిలినవి వెంటనే చెరిపేయకండి. ఆల్బమ్ చేతికొచ్చి, చుట్టాలందరూ చూసి, ఎవరూ ఫోన్ చేయకుండా నెల గడిచాక అప్పుడు చెరుపుకోండి.